తీగా, ప్లేటా: ఒక ట్రయల్‌ని టేబుల్ మీద పెట్టి విప్పి చూడటం

(శనివారం విశాఖపట్నంలో ఆర్థో పీజీల జర్నల్ క్లబ్‌లో ఒక సీనియర్ సర్జన్ మాట్లాడింది. డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరూ వచ్చినట్టేనా? వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి రండమ్మా, ఫ్యాన్ సౌండ్‌లో నా మాట మీకు వినపడదు. సరే. ఇవాళ ఒకే ఒక్క పేపర్. పది పేపర్లు పైపైన చూసే బదులు ఒక్కటి పూర్తిగా విప్పి చూద్దాం. 2014లో బీఎంజేలో వచ్చిన డ్రాఫ్ట్ ట్రయల్. మణికట్టు ఎముక, అంటే డిస్టల్ రేడియస్ విరిగి వెనక్కి జరిగినప్పుడు కే-వైర్లు, అంటే సన్నటి తీగలు వెయ్యాలా, మణికట్టు ముందు వైపు బిగించే వోలార్ లాకింగ్ ప్లేట్ వెయ్యాలా అన్నదే ప్రశ్న. యూకేలో 18 ట్రామా సెంటర్లు, 461 మంది పేషెంట్లు, 230 మందికి వైర్లు, 231 మందికి ప్లేట్లు.

ఈ పేపరే ఎందుకంటే, మన క్యాజువాలిటీలో ఈ ఫ్రాక్చర్ రాని రోజు ఉందా? నిన్న రాత్రి కూడా వచ్చింది కదా, గాజువాక నుంచి ఒక పెద్దావిడ, 62 ఏళ్ళు, బాత్రూంలో జారి చెయ్యి ఆనించి పడిపోయింది, ఎక్స్‌రే మీరందరూ చూశారు. ఆవిడని మనసులో పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తాను.

ముందు మీలో ఎవరైనా చెప్పండి, ఈ పేపర్ రిజల్ట్ ఏంటి? ...ఆ, వినపడింది. "సర్, పీ వాల్యూ 0.40, సిగ్నిఫికెంట్ కాదు, కాబట్టి రెండూ ఒకటే." ఈ జవాబే నేను ఎదురుచూశాను. చివరికి వచ్చిన చోటు తప్పేం కాదు. కానీ నువ్వు ఆ చోటికి వచ్చిన దారి ఉంది చూడూ, ఆ దారి తప్పు, అదే దారిలో ఇంకో పేపర్‌కి వెళ్తే మునిగిపోతావ్. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

ఒక పని చేద్దాం. మీ థీసిస్‌లు ఎలా ఉంటాయి? ఇటు 30 మంది, అటు 30 మంది, అవునా? ఇదే ప్రశ్నని 30, 30 మందితో చేశారనుకుందాం. డ్రాఫ్ట్‌లో వాడిన స్కోరు పీఆర్‌డబ్ల్యూఈ, పేషెంటే నింపే ఫారం, 15 ప్రశ్నలు, నొప్పికి 50 మార్కులు, పనులు చేసుకోవడానికి 50 మార్కులు. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, 100 అంటే చెయ్యి ఉన్నా లేనట్టే. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే బాధ ఎక్కువని, ఇది తిరగేసి చదివి పొరపడ్డవాళ్ళని నేను చూశాను, అందుకే చెప్తున్నా.

ఏడాది తర్వాత ప్లేట్ గ్రూపుకీ వైర్ గ్రూపుకీ తేడా మైనస్ 1.3. అంటే ప్లేట్ వాళ్ళు 1.3 మార్కులు మెరుగ్గా ఉన్నారు. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మైనస్ 4.5 నుంచి ప్లస్ 1.8. దీన్ని మన భాషలో చెప్పు, ఎవరైనా. ...కరెక్ట్. ఈ డేటాతో పొసిగే అసలు తేడా, ప్లేట్ వైపు మహా అయితే నాలుగున్నర మార్కులు, వైర్ వైపు మహా అయితే రెండు కూడా కాదు. ఆ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు.

ఇప్పుడు మీ 30, 30 థీసిస్‌కి రండి. డ్రాఫ్ట్ ఇంటర్వెల్ వెడల్పుని బట్టి వెనక్కి లెక్క కడితే పేషెంట్ల స్కోర్లలో స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర దగ్గర 16 వస్తుంది. ఆ 16నే తీసుకుందాం, తేడా కూడా అదే మైనస్ 1.3 అనుకుందాం. 2ని 30తో భాగించి, స్క్వేర్ రూట్ తీసి, 16తో గుణిస్తే 4.1 వస్తుంది, అది స్టాండర్డ్ ఎర్రర్. దాన్ని 1.96తో గుణిస్తే 8.1. మైనస్ 1.3కి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. అంటే ఇంటర్వెల్ మైనస్ 9.4 నుంచి ప్లస్ 6.8. పీ వాల్యూ 0.75 వస్తుంది. రాసుకున్నారా?

ఇప్పుడు చెప్పండి, రెండింటిలోనూ పీ సిగ్నిఫికెంట్ కాదు. రెండూ ఒకే మాట చెప్తున్నాయా? అస్సలు కాదు. థీసిస్ చెప్పేది, ప్లేట్ తొమ్మిది మార్కులు బెటర్ అయినా అవ్వచ్చు, వైర్ ఏడు మార్కులు బెటర్ అయినా అవ్వచ్చు, నాకు తెలీదు అని. డ్రాఫ్ట్ చెప్పేది, తేడా ఉన్నా నాలుగున్నర దాటదు అని. ఒకటి తెలీకపోవడం, ఇంకోటి తెలియడం. పీ వాల్యూ ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి. 30, 30 మందితో చేసి కంక్లూజన్‌లో "రెండు పద్ధతులూ సమానం" అని రాసేస్తున్నారు, వైవాలో ఎవరూ అడగట్లేదు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ వాక్యం చదివి రేపు ఇంకొకళ్ళు ఆపరేషన్ డిసైడ్ చేస్తారు.

అయితే నాలుగున్నర అంటే చిన్నదా పెద్దదా? అది ఎవరు చెప్పాలి? ఇక్కడే రెండో గీత కావాలి. పేషెంటుకి తేడా తెలిసేంత కనీస మార్పు ఎంత అని. డ్రాఫ్ట్ వాళ్ళు ట్రయల్ మొదలుపెట్టకముందే ఆరు మార్కులు అని గీత గీసుకున్నారు. ముందే గీసుకున్నారు, అది ముఖ్యం, రిజల్ట్ చూశాక గీస్తే ఎక్కడ కావాలంటే అక్కడ గియ్యొచ్చు. ఇప్పుడు బోర్డు మీద చూడండి, ఇటు మైనస్ 6, అటు ప్లస్ 6, మధ్యలో సున్నా. డ్రాఫ్ట్ ఇంటర్వెల్ మొత్తం ఈ రెండు గీతల మధ్యలో పట్టేసింది. థీసిస్ ఇంటర్వెల్ రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చింది. ఈ బొమ్మ ఒక్కటి గీయడం వస్తే చాలు, సగం అప్రైజల్ అయిపోయినట్టే.

ఎవరైనా అడగొచ్చు, ఆ ఆరు అనేది కరెక్టేనా సర్ అని. మంచి ప్రశ్న. తర్వాత వచ్చిన ఒక స్టడీలో ఇదే ఫ్రాక్చర్‌కి అది 11.5 అని తేలింది. గీత ఇంకా దూరం జరిగితే డ్రాఫ్ట్ మాట ఇంకా గట్టి పడుతుంది గానీ బలహీనపడదు. కానీ మీలో ఎవరైనా లేదు సర్, నా పేషెంట్ టైలర్, ఆవిడకి నాలుగు మార్కులు కూడా ముఖ్యమే అంటే, అప్పుడు ఈ ట్రయల్ ఆ నాలుగుని కొట్టిపారెయ్యలేదు. ఎందుకు? మైనస్ 4.5 దాకా ఇంటర్వెల్ ఉంది కాబట్టి. అర్థమైంది కదా.

సరే, నంబర్ బాగుంది. నంబర్ వచ్చిన దారి బాగుందా? ఇప్పుడు అది చూద్దాం. నేను మీకు ఇరవై ప్రశ్నల చెక్‌లిస్ట్ ఇవ్వను, అది మీ దగ్గర ఉంది, టిక్కులు పెట్టి మర్చిపోతున్నారు. ఫ్రాక్చర్ ట్రయల్‌లో నిజంగా కొంప ముంచేవి రెండు మూడే.

మొదటిది, చీటీ ఎవరి చేతిలో ఉంది. రాండమైజేషన్ అంటే కంప్యూటర్ నంబర్లు అని రాసేస్తే సరిపోదు, తర్వాత వచ్చే పేషెంట్ ఏ గ్రూపో సర్జన్‌కి ముందే తెలుస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నేను పీజీగా ఉన్న రోజుల్లో ఒక చోట చూశాను, ఆ చోటు పేరు అనవసరం, ఓపీ నంబర్ సరి సంఖ్య అయితే ప్లేట్, బేసి అయితే వైర్. రాత్రి రెండింటికి బాగా నలిగిన ఫ్రాక్చర్ వచ్చింది, నంబర్ బేసి, వైర్‌కి వెళ్ళాలి. డ్యూటీ డాక్టర్ ఏం చేశాడు? ఇది స్టడీకి పనికిరాదులే అని పక్కన పెట్టేశాడు. అతను మోసం చేద్దామని చెయ్యలేదు, పేషెంట్‌కి మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. కానీ ఫలితం ఏంటి? చెడ్డ ఫ్రాక్చర్లన్నీ వైర్ గ్రూపులోంచి జారిపోయాయి, వైర్ గ్రూపు కాగితం మీద మెరిసిపోయింది. కవర్లు వాడినా అంతే, పల్చటి కవర్ లైటుకి పెట్టి చూసే అలవాటు ప్రపంచంలో అన్ని చోట్లా ఉంది.

డ్రాఫ్ట్‌లో రాండమైజేషన్ ఆస్పత్రి బయట ఉన్న కేంద్రం నుంచి జరిగింది, పేషెంట్‌ని చేర్చుకున్నాకే ఏ గ్రూపో తెలుస్తుంది. పైగా సెంటర్ వారీగా, 50 ఏళ్ళకి పైనా కిందా, ఫ్రాక్చర్ గీత జాయింట్‌లోకి వెళ్ళిందా లేదా, ఈ మూడింటి ప్రకారం విడగొట్టి రాండమైజ్ చేశారు. ఎందుకు ఆ మూడే? ఫలితాన్ని మార్చేవి అవే కాబట్టి. కుర్రాళ్ళందరూ ఒక గ్రూపులో పడిపోతే ఆపరేషన్‌తో పనిలేకుండా ఆ గ్రూపే గెలుస్తుంది.

రెండోది, బ్లైండింగ్. ఇది రాగానే మీరు ఏం రాస్తారు? "నాట్ బ్లైండెడ్, హై రిస్క్ ఆఫ్ బయాస్." అక్కడితో ఆగిపోతారు. ఆగకండి. ప్లేట్ వేస్తే మణికట్టు ముందు వైపు పొడుగు కోత మచ్చ ఉంటుంది, వైర్ వేస్తే చర్మం బయట తీగ చివర్లు, పైన పిండికట్టు. పేషెంట్‌కి తెలియకుండా ఎలా ఉంటుంది? ఉండదు. స్కోరు నింపేది పేషెంటే. కాబట్టి బయాస్ వచ్చే అవకాశం ఉంది, ఒప్పుకుందాం. కానీ ఏ వైపుకి? అది అడగాలి. అప్పట్లో కొత్తగా, జోరుగా వాడుతున్నది ప్లేట్. నాకు ఖరీదైనది వేశారు, కొత్తది వేశారు అనుకున్న పేషెంట్ కాస్త బాగానే ఉందని రాసే అవకాశం ఎక్కువ. అంటే బయాస్ ఉంటే ప్లేట్ వైపు లాగాలి. అంత లాగినా తేడా 1.3 దాటలేదు. అదే ట్రయల్‌లో ప్లేట్ ఏడు మార్కులు గెలిచి ఉంటే ఇదే బ్లైండింగ్ లోపం నన్ను చాలా భయపెట్టేది. లోపం ఒకటే, రిజల్ట్ ఎటు ఉందన్న దాన్ని బట్టి దాని బరువు మారుతుంది.

మూడోది, మధ్యలో మాయమైనవాళ్ళు. 461 మందిలో ఏడాదికి స్కోరు దొరికింది దాదాపు 90 శాతం మందికి. దాదాపు పది శాతం మంది లేరు. మీ పుస్తకంలో 20 శాతం లోపు అయితే పర్లేదని ఉంటుంది. ఆ 20 అనే గీతని నేను నమ్మను. ఎందుకు నమ్మాలి? లెక్క వేసి చూద్దాం, రెండు నిమిషాలు.

దొరికిన 90 శాతం మందిలో తేడా మైనస్ 1.3. దొరకని పది శాతం మందిలో తేడా ఎంత ఉంటే మొత్తం తేడా మైనస్ 6కి చేరుతుంది, అంటే మన తీర్పు తిరగబడుతుంది? 1.3ని 0.9తో గుణిస్తే 1.17. 6లోంచి 1.17 తీసేస్తే 4.83. దాన్ని 0.1తో భాగిస్తే 48. అంటే కనపడకుండా పోయిన వైర్ పేషెంట్లు, కనపడకుండా పోయిన ప్లేట్ పేషెంట్ల కన్నా సగటున 48 మార్కులు ఘోరంగా ఉండాలి. వంద మార్కుల స్కోరులో 48! నమ్మగలమా? నేను నమ్మలేను. కాబట్టి ఇక్కడ మిస్సింగ్ డేటా తీర్పుని మార్చదు. కానీ ఇదే లెక్క తేడా 5 ఉన్న ట్రయల్‌లో వేస్తే? 4.5 తీసేస్తే ఒకటిన్నర, పదో వంతుతో భాగిస్తే 15. అది జరగొచ్చు. అదే పది శాతం ఒక చోట పర్లేదు, ఇంకో చోట ప్రమాదం.

నీళ్ళు తాగండి. నేనూ తాగుతా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మెథడ్స్ సెక్షన్‌లో ఎవరిని తీసుకోలేదు అన్న పేరా. మీరు దాన్ని దాటేసి టేబుల్స్‌కి వెళ్ళిపోతారు. డ్రాఫ్ట్‌లో ఎవర్ని తీసుకోలేదు? దెబ్బ తగిలి రెండు వారాలు దాటినవాళ్ళని. ఫ్రాక్చర్ జాయింట్ నుంచి మూడు సెంటీమీటర్లు దాటి పైకి పోయినవాళ్ళని. గస్టిలో వర్గీకరణ ప్రకారం గ్రేడ్ వన్ కన్నా పెద్ద ఓపెన్ ఫ్రాక్చర్లని. ఇంకోటి, ఇది అండర్‌లైన్ చేసుకోండి, జాయింట్ ఉపరితలాన్ని, కోసి తెరవకుండా బయట నుంచి లాగి సరిచెయ్యడం కుదరదు అని సర్జన్ అనుకున్నవాళ్ళని. ఈ ఒక్క వాక్యంతో ట్రయల్ మొత్తం అర్థం మారిపోతుంది. జాయింట్ తెరిచి సరిచెయ్యాల్సిన ఫ్రాక్చర్లు అసలు ఈ ట్రయల్‌లో లేవు! "వైరూ ప్లేటూ ఒకటే" అని ఊరికే అనేస్తే అబద్ధం అవుతుంది. "బయట నుంచి రిడక్షన్ అయ్యే ఫ్రాక్చర్లలో ఒకటే" అనాలి.

మన వార్డులో ముగ్గుర్ని తీసుకుందాం. గాజువాక పెద్దావిడ. వెనక్కి జరిగింది, జాయింట్‌లో మెట్టు లేదు, నిన్న మత్తిచ్చి లాగితే సి-ఆర్మ్ కింద చక్కగా కూర్చుంది. ట్రయల్‌లో సగటు వయసు 60కి దగ్గర, ఎక్కువమంది ఆడవాళ్ళే, ఆవిడ అచ్చంగా ఆ మనిషే. ఈ పేపర్ ఆవిడ కోసమే రాసినట్టు ఉంది. రెండో అతను, అనకాపల్లి హైవే మీద బైక్ యాక్సిడెంట్, 28 ఏళ్ళు, జాయింట్ మధ్యలో ముక్క లోపలికి దిగిపోయింది, రెండుసార్లు లాగినా పైకి రాలేదు. ఇతనికి డ్రాఫ్ట్ చూపించి వైర్ వేస్తాను అంటే నేను ఒప్పుకోను. మూడో ఆవిడ పాడేరు వైపు నుంచి వచ్చింది, ముందు ఊళ్ళో కట్టు కట్టించుకుని, మూడు వారాల తర్వాత "చెయ్యి తిరగతం లేదు బాబూ" అంటూ వచ్చింది. ఎముక అప్పటికే అతుక్కోవడం మొదలైంది, లాగితే రాదు. ఈవిడా ట్రయల్ బయటే. యూకేలో మూడు వారాలకి వచ్చేవాళ్ళు తక్కువ కావచ్చు, మనకి ప్రతి వారం వస్తారు. పేపర్ తప్పు కాదిది, కానీ ఈవిడకి ఆ పేపర్ జవాబు చెప్పదు.

స్కోరు గురించి కూడా ఒక మాట. పీఆర్‌డబ్ల్యూఈ ప్రశ్నల్లో ఏముందో ఎవరైనా చదివారా? డోర్ నాబ్ తిప్పగలరా, కత్తితో మాంసం కొయ్యగలరా, చొక్కా గుండీలు పెట్టుకోగలరా, కుర్చీలోంచి చెయ్యి ఆనించి లేవగలరా, పది పౌండ్ల బరువు, అంటే నాలుగున్నర కిలోలు మొయ్యగలరా. మన పెద్దావిడ కింద పీట మీంచి అరచెయ్యి నేలకి ఆనించి లేస్తుంది. తడి చీర మెలితిప్పి పిండుతుంది. బిందె నడుముకి ఎత్తుకుంటుంది. అరచెయ్యి ఆనించి లేవడానికి మణికట్టు వెనక్కి బాగా వంగాలి, పిండటానికి పిడికిలి బలంతో పాటు తిప్పడం కావాలి. ఆ పనుల్లో కూడా తేడా రాదా? నా అంచనా రాదనే. కానీ అది నా అంచనా మాత్రమే, ట్రయల్ కొలిచింది కాదు. మీరు ప్రెజెంట్ చేసేటప్పుడు ఈ రెండింటినీ కలపకండి, పేపర్ చెప్పింది వేరు, మనం అనుకునేది వేరు.

కాంప్లికేషన్స్ దగ్గర ఒక జాగ్రత్త. రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని పేపర్‌లో ఉంది. నిజమే. కానీ 231 మందితో అరుదైనవి పట్టుకోగలమా? ప్లేట్ వాటర్‌షెడ్ లైన్ దాటి ముందుకి కూర్చుంటే బొటనవేలు వంచే టెండన్ రాసుకుని రాసుకుని ఎప్పుడో తెగుతుంది, ఒక్కోసారి ఏడాది దాటాక. స్క్రూ పొడుగైతే వెనక ఎక్స్‌టెన్సర్ టెండన్లు. వీటికి ఒక సులువైన లెక్క ఉంది. 231 మందిలో ఒక కాంప్లికేషన్ ఒక్కటీ కనపడలేదనుకోండి, 3ని 231తో భాగించండి, 1.3 శాతం. అంటే సున్నా కనపడినా అసలు రేటు 1.3 శాతం దాకా ఉండొచ్చు, వందకి ఒకటి పైనే. మనం ఏడాదికి వేసే ప్లేట్లతో గుణించుకుంటే అది చిన్న సంఖ్య కాదు. కాబట్టి ఎఫికసీకి రాండమైజ్డ్ ట్రయల్ చూడండి, అరుదైన హానికి రిజిస్ట్రీలూ పెద్ద సిరీస్‌లూ చూడాలి.

ఖర్చు మీకు చెప్పక్కర్లేదు. వైర్ల ఖరీదు వందల్లో, ప్లేట్ వేలల్లో, టైము కూడా వైర్‌కి తక్కువ. వాళ్ళూ అదే రాశారు. ఆ స్టడీకి డబ్బులిచ్చింది అక్కడి ప్రభుత్వ రీసెర్చ్ సంస్థ, ఇంప్లాంట్ కంపెనీ కాదు, అది కూడా చూసి పెట్టుకోండి.

ఆ, చెప్పమ్మా, చెయ్యెత్తావ్. "సర్, రిడక్షన్ అంత బాగా కూర్చున్నప్పుడు అసలు వైర్ కూడా ఎందుకు, కట్టు సరిపోదా?" చూశారా, అచ్చం ఇదే ప్రశ్న వాళ్ళకీ వచ్చింది. దాని మీద డ్రాఫ్ట్-2 చేశారు, 2022లో వచ్చింది, 500 మంది, 36 ఆస్పత్రులు, మత్తిచ్చి లాగిన తర్వాత సగం మందికి వైర్లు, సగం మందికి బాగా మలిచిన పిండికట్టు. ఏడాదికి స్కోరులో తేడా లేదు, ఇంటర్వెల్ మళ్ళీ ఆ ఆరు మార్కుల గీతల లోపలే. అయితే కట్టు గ్రూపులో 13 శాతం మందికి మొదటి ఆరు వారాల్లో ఎముక జారిపోయి మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది, వైర్ గ్రూపులో ఒక్కరికే.

13 శాతం అంటే ఎనిమిది మందిలో ఒకరు. ఆ ఒకరు జారిపోతే మనం ఎప్పుడు పట్టుకుంటాం? వారానికీ రెండు వారాలకీ ఎక్స్‌రేకి వస్తే పట్టుకుంటాం. గాజువాక ఆవిడ కొడుకు బండి మీద అరగంటలో తీసుకొస్తాడు, ఆవిడతో కట్టు గురించి మాట్లాడొచ్చు, ఎనిమిదిలో ఒకరికి మళ్ళీ ఆపరేషన్ ఉంటుందని ముందే చెప్పి. అదే ఫ్రాక్చర్‌తో పాడేరు లోపలి ఊరి నుంచి మొదటి రోజే ఒకావిడ వచ్చిందనుకోండి, కట్టు వేసి పంపిస్తే మళ్ళీ ఆరు వారాలకే కనపడుతుంది, అప్పటికి జారింది జారిన చోటే అతుక్కుంటుంది. ఆవిడకి నేను వైర్లే వేస్తాను. వైర్ చివర్లు బయట ఉంటే చీము పట్టే భయం ఉంది కాబట్టి దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీ సిస్టర్‌కి ఫోన్ చేసి డ్రెస్సింగ్ సంగతి చెప్పి మరీ పంపిస్తాను.

వచ్చే శనివారం డ్రాఫ్ట్-2 ప్రెజెంట్ చేసేది నువ్వేనమ్మా, ప్రశ్న అడిగింది నువ్వే కాబట్టి. మొదటి స్లైడ్‌లో పీ వాల్యూ వద్దు. ఆ మూడు గీతల బొమ్మ గీసుకుని రా.